బాకు ఎక్కడి నుంచి వచ్చింది?

సాహస నవలలో ఓ పోరాటం చదివాక పుస్తకం పక్కన పెట్టి, చిత్తుకాగితం మీద ఆ చోటు గీయండి. ఎవరు ఎటు నిలబడ్డారు? తప్పించుకునే దారి ఎటుంది? ఆయుధం ఎవరికి ఎంత దూరంలో ఉంది? గీయడం కుదరకపోతే మీ బుర్రను అనుమానించకండి. చాలాసార్లు లోపం రచయితదే.

ఈ పరీక్షకు నేను ముందుగా తీసే పుస్తకం స్టీవెన్సన్ రాసిన ‘ట్రెజర్ ఐలండ్’. 1883లో అచ్చయిన ఈ నవలను నండూరి రామమోహనరావు ‘కాంచనద్వీపం’గా తెలుగు చేశారు. ఇందులో 26వ అధ్యాయమంతా ఓడ మీద ఇద్దరి మధ్య పోరాటమే. కుర్రాడు జిమ్ హాకిన్స్ ఒకడు, తొడకు గాయమైన దొంగ ఇజ్రాయెల్ హాండ్స్ ఇంకొకడు. డెక్కు మీద ఓ శవం కూడా ఉంది. దాన్ని మరిచిపోకండి, పనికొస్తుంది.

పోరాటానికి ముందే పణం తేలిపోతుంది. జిమ్‌కు ఓడ నడపడం రాదు, హాండ్స్‌కు వచ్చు గానీ కాలు కదపలేడు. ఓడను ఒడ్డుకు చేర్చేదాకా ఒకరికొకరు కావాలి. చేరిన మరుక్షణం హాండ్స్‌కు కుర్రాడితో పనిలేదు. కాబట్టి ఇసుక తీరం దగ్గరవుతున్నకొద్దీ జిమ్ ఆయువు కరుగుతోంది. ‘ప్రాణాపాయం ముంచుకొచ్చింది’ అని రచయిత ఎక్కడా అరవనక్కర్లేదు, తీరం ఎంత దూరముందో చెబితే చాలు.

ఇక బాకు. హాండ్స్ వైన్ తెమ్మని జిమ్‌ను కిందికి పంపుతాడు. వాడి మాటతీరు నచ్చని జిమ్ చప్పుడు చేస్తూ మెట్లు దిగి, కింద బూట్లు విప్పి, ఓడ ముందువైపు నుంచి తల పైకెత్తి చూస్తాడు. హాండ్స్ నొప్పితో మూలుగుతూనే చకచకా పాకి వెళ్లి, తాళ్ల చుట్టలోంచి నెత్తురు మరకల బాకు తీసి చొక్కాలో దాచుకుంటాడు. ఒక్క దెబ్బకు మూడు సంగతులు తెలిశాయి: ఆయుధం ఉంది, వాడు కదలగలడు, వాడి ఉద్దేశం మంచిది కాదు. తర్వాత ఆ బాకు పైకి లేచినప్పుడు ‘ఇదెక్కడిది?’ అని మనం అడగం.

దాడి ఎలా నడుస్తుందో చూడండి. ఓడ ఒడ్డుకు తగలడం చూసే ధ్యాసలో జిమ్ ఏమరుస్తాడు. తిరిగి చూస్తే హాండ్స్ సగం దూరం వచ్చేశాడు. జిమ్ పక్కకు దూకుతూ చుక్కాని పిడి వదిలేస్తాడు. వదిలేసిన పిడి ఎగిరి హాండ్స్ రొమ్ముకు తగులుతుంది. ఆ వ్యవధిలో జిమ్ మూలలోంచి బయటపడి పిస్తోలు తీస్తాడు. పేలదు, రంజకం సముద్రపు నీటికి తడిసింది. అతను చిన్న పడవలో అలలు దాటి ఈ ఓడెక్కడం మనం ముందే చదివాం గనక అది అన్యాయంగా అనిపించదు.

అంతలో ఓడ ఇసుకలో దిగబడి ఎడమకు ఒరుగుతుంది, డెక్కు 45 డిగ్రీలు వాలుతుంది. ఇద్దరూ దొర్లిపోతారు, వెనకే శవం కూడా. హాండ్స్ దానికి చిక్కుకోవడంతో జిమ్ ముందు లేస్తాడు. వాలు డెక్కు మీద పరుగు కుదరదు గనక తాళ్లు పట్టుకుని స్తంభం ఎక్కుతాడు. పైన కూర్చుని పిస్తోళ్లలో మందు మళ్లీ నింపుతాడు. కింద హాండ్స్ బాకును పళ్ల మధ్య బిగించి, గాయపడ్డ కాలు ఈడ్చుకుంటూ ఎక్కుతుంటాడు గనక అందుకు సమయం దొరుకుతుంది.

రెండో పరీక్ష ఇదే. ఒక్కో సంఘటనకూ మధ్య ‘ఆ తర్వాత’ పెట్టి చూడండి, ఆపైన ‘అందుకని’ పెట్టి చూడండి. ఇక్కడ దాదాపు ప్రతిచోటా ‘అందుకని’ కుదురుతుంది. ‘కిటికీలోంచి దూకాడు, ఆ తర్వాత జీపు పేలింది, ఆ తర్వాత తాడు దొరికింది’ అన్న రకం సన్నివేశాల్లో ఆ మాట ఎక్కడా నిలవదు. అవి చదువుతుంటే వేగంగానే ఉంటాయి, పేజీ తిప్పగానే ఏదీ గుర్తుండదు.

స్టీవెన్సన్‌కూ నేను పూర్తి మార్కులివ్వను. ఓడ భాగాల పేర్లు తెలియని పాఠకుడు మొదటిసారి తడబడతాడు, పటం గీయడానికి నాకే రెండు చదువులు పట్టాయి. అసలు ఫిర్యాదు చివర్లో ఉంది. లొంగిపోయినట్టు మాట్లాడుతూనే హాండ్స్ బాకు విసురుతాడు, అది జిమ్ భుజాన్ని స్తంభానికి గుచ్చేస్తుంది. ఆ నొప్పిలో, ఆ అదురులో, తన ప్రమేయం లేకుండానే రెండు పిస్తోళ్లూ పేలాయంటాడు జిమ్. హాండ్స్ నీళ్లలో పడతాడు. స్తంభం ఒరిగి నీటి మీదికి వచ్చిందని ముందే తెలుసు గనక పడిన చోటు సరిగ్గానే ఉంది. కానీ కుర్రాడి చేతికి హత్య అంటకుండా రచయిత ఇక్కడ పక్కకు తప్పుకున్నాడు. అధ్యాయం మొత్తంలో గొలుసు వదులైనది ఆ ఒక్క కొండి దగ్గరే.