తెలివైనవాడు, కష్టజీవి... ఇంకేం చూశారు మాస్టారూ?

దసరా సెలవులయ్యాక ఇంజినీరింగ్ కాలేజీల స్టాఫ్ రూముల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది. "సార్, ఎంఎస్‌కి అప్లై చేస్తున్నాను. ఎల్‌ఓఆర్ కావాలి." అమెరికాలో ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే ఫాల్ సీట్లకు చాలాచోట్ల డిసెంబరు, జనవరిల్లోనే గడువు ముగుస్తుంది. ఒక్కో దరఖాస్తుకు సాధారణంగా రెండు మూడు సిఫారసు లేఖలు అడుగుతారు. సెమిస్టర్ పరీక్షల హడావుడిలో ఉన్న మాస్టారి జవాబు కూడా అందరికీ తెలిసిందే. "డ్రాఫ్ట్ నువ్వే రాసుకు రామ్మా, చూసి సంతకం పెడతాను." అలా వచ్చిన డ్రాఫ్టుల్లో ఎక్కువగా మొదటి పేరాలోనే రెండు మాటలు కనిపిస్తాయి: ఇంటెలిజెంట్, హార్డ్‌వర్కింగ్.

ఆ మాటలు అబద్ధం కాకపోవచ్చు. కానీ చదివేవారికి వాటివల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. అడ్మిషన్ కమిటీ ముందు మార్కుల జాబితా ఉంటుంది. చాలాసార్లు విద్యార్థి స్వయంగా రాసుకున్న ఎస్‌ఓపీ, రెజ్యూమె కూడా ఉంటాయి. కుర్రాడు బాగా చదువుతాడనీ, కష్టపడ్డాడనీ వాటినిబట్టే తెలిసిపోతుంది. లేఖ అడిగేది మార్కుల్లో కనబడనిదాని కోసం. ల్యాబ్‌లో లెక్క తేడా వచ్చినప్పుడు ఏంచేశాడు, ఎవరూ చెప్పకుండా దేన్ని పట్టించుకున్నాడు అన్నవి దగ్గరుండి చూసిన మాస్టారు మాత్రమే చెప్పగలరు.

పైగా హార్డ్‌వర్కింగ్ అన్న మాట ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. ఫ్రాన్సిస్ ట్రిక్స్, కరోలిన్ సెంకా అనే పరిశోధకులు అమెరికాలోని ఒక పెద్ద వైద్య కళాశాలలో అధ్యాపక ఉద్యోగాల కోసం వచ్చిన మూడు వందలకు పైగా సిఫారసు లేఖలను పరిశీలించి 2003లో ఒక వ్యాసం ప్రచురించారు. కష్టపడతారు, శ్రద్ధగా పనిచేస్తారు అనే తరహా మాటలు మగవారి లేఖల్లోకన్నా ఆడవారి లేఖల్లో ఎక్కువగా ఉన్నాయని వాళ్లు గమనించారు. ప్రతిభ గురించి ఏమీ చెప్పకుండా కష్టాన్నే పొగిడితే, 'సొంత ఆలోచన తక్కువేమో, అందుకే అంత కష్టపడాల్సి వచ్చిందేమో' అన్న అనుమానం చదివేవారికి కలగవచ్చు. అమ్మాయిలకు లేఖ రాసే మాస్టార్లు దీన్ని మరీ గుర్తుపెట్టుకోవాలి.

సరే, వేరే మాటలు వాడదామని నిఘంటువు తెరిస్తే బ్రిలియంట్, డిలిజెంట్, సిన్సియర్ లాంటివి దొరుకుతాయి. అవీ ఆ తానులో ముక్కలే. ముందు తేల్చుకోవాల్సింది వేరు: ఎలాంటి తెలివి, ఎలాంటి కష్టం? కొత్త విషయాన్ని త్వరగా పట్టుకోవడం ఒక తెలివి. అందరూ ఒప్పుకున్న ఫలితాన్ని అనుమానించడం ఇంకొకటి. కష్టంలోనూ అంతే. పని చెడినా వదలకపోవడం పట్టుదల. చిన్న వివరాన్ని కూడా జారవిడవకపోవడం నిశితత్వం. చెప్పించుకోకుండా మొదలుపెట్టడం చొరవ. జీఆర్‌ఈ నిర్వహించే ఈటీఎస్ సంస్థ 2009లో సిఫారసుల కోసం ఒక ఆన్‌లైన్ పద్ధతి తెచ్చింది. అందులో విద్యార్థిని ఆరు అంశాల్లో అంచనా వేయమన్నారు: విషయజ్ఞానం-సృజన, భావప్రకటన, బృందంలో పనిచేయడం, నిలదొక్కుకునే గుణం, ప్రణాళిక, నిజాయితీ. ఆ పద్ధతిని తర్వాత ఆపేశారు గానీ, లేఖ రాసేముందు ఈ ఆరింటినీ ఒకసారి తలుచుకుంటే ఏం రాయాలో తోస్తుంది.

ఒక ఉదాహరణ కల్పించి చూద్దాం. సీఎస్‌ఈ ఫైనలియర్ అమ్మాయి ఒకరు టమాటా ఆకు ఫొటో చూసి తెగులు గుర్తించే ప్రాజెక్టు చేసింది. చాలామందిలాగే ప్లాంట్‌విలేజ్ అనే ఉచిత ఫొటోల సంగ్రహం వాడింది. ప్రోగ్రాం 97 శాతం సరిగ్గా చెప్పింది. బ్యాచ్‌లో మిగతావాళ్లు రిపోర్టు బైండింగుకి ఇచ్చేద్దామన్నారు. ఈ అమ్మాయి మాత్రం మదనపల్లె దగ్గర టమాటా తోటలకు వెళ్లి, ఫోన్‌తో 400 ఫొటోలు తీసి వాటిమీద పరీక్షించింది. ఫలితం 52 శాతానికి పడిపోయింది. ఆ సంగ్రహంలోని ఆకులన్నీ కోసి, సాదా నేపథ్యంమీద పెట్టి తీసినవి. తోటలో మట్టి, నీడ, పక్క ఆకులు అన్నీ కలిసే పడతాయి. ప్రోగ్రాం ఆకుతోపాటు నేపథ్యాన్ని కూడా నేర్చేసుకుందని ఆమె గ్రహించింది. నేపథ్యాన్ని కత్తిరించి, తోట ఫొటోల్లో సగం శిక్షణకు కలిపి, మిగతా సగంమీద మళ్లీ పరీక్షిస్తే 74 వచ్చింది. రిపోర్టులో 97తో పాటు 52, 74 కూడా వేసింది.

డ్రాఫ్టులో ఇది ఇలా ఉంటుంది: "ఈమె చాలా ఇంటెలిజెంట్, హార్డ్‌వర్కింగ్ విద్యార్థిని. ప్రాజెక్టును విజయవంతంగా పూర్తిచేసింది." గైడ్ ఇలా రాయొచ్చు: "97 శాతం వచ్చాక కూడా ఆ అంకెను నమ్మకుండా, నేను చెప్పకముందే తోటలకు వెళ్లి పరీక్షించింది. ఫలితం పడిపోతే కారణం వెతికింది, కొంత సరిదిద్దింది, తక్కువ అంకెను దాచకుండా రిపోర్టులో పెట్టింది. మొదటి రివ్యూలో తడబడింది. మూడో రివ్యూ నాటికి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ప్రశ్నలకు బోర్డు మీద లెక్క వేసి జవాబిచ్చింది." విశేషణం ఒక్కటీ లేదు. అయినా సొంత ఆలోచన, పట్టుదల, నిజాయితీ మూడూ చదివేవారికి అందుతాయి. కావాలంటే చివర ఇండిపెండెంట్, పర్సిస్టెంట్ అనొచ్చు. అప్పుడా మాటకు వెనుక ఆధారం ఉంటుంది. తడబాటు గురించి రాసిన వాక్యం కూడా లేఖకు చేటు చేయదు. పొగడ్తలు మాత్రమే ఉన్న లేఖకన్నా దీన్నే ఎక్కువ నమ్ముతారు.

లేఖతోపాటు చాలా యూనివర్సిటీల పోర్టల్‌లో ఒక పట్టిక నింపాలి. తోటివారితో పోలిస్తే ఈ విద్యార్థి పైనుంచి ఎన్నో శాతంలో ఉన్నాడు, 5లోనా, 10లోనా, 25లోనా అని అడుగుతుంది. మొహమాటానికి అన్నింటికీ పైగడిలోనే టిక్ పెట్టేస్తే, కింద జతచేసిన లేఖలో దానికి సాక్ష్యం ఉండాలి. లేకపోతే రెండింటికీ పొంతన కుదరదు. పోలిక చెప్పేటప్పుడు గుంపు ఏదో కూడా చెప్పాలి. "మంచి విద్యార్థుల్లో ఒకరు" అంటే ఏమీ తెలియదు. "తొమ్మిదేళ్లలో నేను గైడ్ చేసిన సుమారు 90 మందిలో మొదటి అయిదుగురిలో ఉంటుంది" అంటే తూకం తెలుస్తుంది.

విద్యార్థే డ్రాఫ్ట్ రాసే అలవాటు మాటేమిటి? దరఖాస్తులో 'ఈ లేఖను చూసే హక్కు వదులుకుంటున్నారా' అని అడుగుతారు. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం ఇచ్చిన హక్కు అది. ఎక్కువమంది వదులుకుంటున్నామనే చెబుతారు. తానే రాసుకున్న లేఖ విషయంలో ఆ జవాబుకు అర్థం లేదు. పైగా ఒకే చేతి రాతలో మూడు లేఖలు వెళితే శైలి పట్టించేస్తుంది. ఎస్‌ఓపీలోని వాక్యాలే లేఖలో కనబడితే ఇంకా కష్టం. కాబట్టి విద్యార్థి తేవాల్సింది డ్రాఫ్ట్ కాదు, ఒక పేజీ సమాచారం. మాస్టారి దగ్గర ఏ సబ్జెక్టు ఏ సెమిస్టర్‌లో చదివాడు, ఏ ప్రాజెక్టు చేశాడు, ఎక్కడ చిక్కుకుని ఎలా బయటపడ్డాడు, గడువు ఎప్పుడు అన్నవి అందులో ఉంటే చాలు. నెలరోజుల ముందు ఇస్తే ఆ సంఘటనలను మాస్టారు తన కళ్లతో గుర్తుచేసుకుని తన మాటల్లో రాయగలరు.

అరవైమంది క్లాసులో మూడో బెంచీలో కూర్చుని, మంచి మార్కులు తెచ్చుకుని వెళ్లిపోయిన విద్యార్థి వస్తే? ఎంత తలచుకున్నా ఇంటెలిజెంట్, హార్డ్‌వర్కింగ్ తప్ప మరోటి తోచకపోతే, ఆ విద్యార్థి గురించి రాయడానికి మీ దగ్గర ఏమీ లేదని లెక్క. హెచ్‌ఓడీ సంతకం కన్నా, రోజూ చూసిన ల్యాబ్ మేడమ్ లేఖే అతనికి ఎక్కువ పనికొస్తుంది. "నాకన్నా నిన్ను ఆవిడ బాగా ఎరుగు, వెళ్లి ఆవిడను అడుగు నాయనా" అని ఆ రోజే చెప్పి పంపితే, గడువులోగా అతనికి సరైన లేఖ దొరుకుతుంది.