బిల్లు కోసం ఇచ్చిన నంబరు

శ్రావణ శుక్రవారానికి ముందు రోజు ఒక బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్ దగ్గర నా ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉన్నారు. రెండు చీరలు, ఒక జాకెట్టు ముక్క. "అమ్మా, ఫోన్ నంబరు చెప్పండి" అన్నాడు కౌంటర్లో కుర్రాడు, స్క్రీన్ మీంచి తలెత్తకుండా. "ఎందుకు బాబూ?" అని అడిగారావిడ. "నంబరు కొట్టకపోతే సిస్టం బిల్లు తీసుకోదమ్మా." ఆవిడ రెండేసి అంకెల చొప్పున, వెనకున్న మా అందరికీ వినపడేలా, నెమ్మదిగా చెప్పారు. వాటిని ఆవిడ ఇచ్చింది బిల్లు కోసం. అవి అంతకంటే చాలా దూరం వెళ్లగలవు. ఎలా వెళతాయో, వెళ్లనివ్వాలా వద్దా అన్నది ఆ షాపు యజమానికీ తెలియాలి, ఆవిడకూ తెలియాలి.

ఒక ఉదాహరణ వేసుకుందాం. రాజమండ్రిలో ఒక షాపుతో మొదలుపెట్టిన బట్టల వ్యాపారి ఒకాయన కాకినాడలో రెండోది తెరిచి, ఇప్పుడు ఏలూరులో మూడోది తెరుస్తున్నాడు. అయిదేళ్లలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో 18,000 నంబర్లు పోగయ్యాయి. ఏలూరు షాపు గురించి ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనలు ఇవ్వాలి. "మీ కస్టమర్ లిస్ట్ ఇవ్వండి సార్, మీ కస్టమర్లలాంటి వాళ్లకే యాడ్ చూపిద్దాం" అంటాడు ప్రకటనలు చూసే ఏజెన్సీ కుర్రాడు.

పని జరిగే తీరు ఇది. సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్సెల్ ఫైలు తీస్తారు. రెండుసార్లు పడిన నంబర్లు, కౌంటర్లో తొందరపడి కొట్టిన 9999999999 లాంటివి పోగా 14,000 మిగిలాయనుకుందాం. ప్రతి నంబరు ముందు మన దేశపు 91 ఉందో లేదో చూసుకుంటారు, లేకపోతే చాలా నంబర్లు సరిపోలవు. ఆ ఫైలును మెటా కంపెనీ ప్రకటనల ఖాతాలోకి ఎక్కించేటప్పుడు, నంబర్లు బ్రౌజరులోనే ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కతో 64 అక్షరాల గుర్తులుగా మారిపోతాయి. దీన్నే హ్యాషింగ్ అంటారు. మెటా తన దగ్గరున్న ఖాతాదారుల నంబర్లను కూడా అదే లెక్కతో మార్చి పోల్చి చూస్తుంది. సరిపోలినవాళ్లు, ఓ 9,000 మంది అనుకుందాం, ఒక జాబితాగా ఏర్పడతారు. దానికి కస్టమ్ ఆడియన్స్ అని పేరు.

తర్వాతి మెట్టు లుక్‌అలైక్ ఆడియన్స్, అంటే మన కస్టమర్లను పోలినవాళ్ల గుంపు. ఆ 9,000 మంది ఏ పేజీలు చూస్తారు, ఏ ప్రకటనలు నొక్కుతారు వంటి, మెటాకు ముందే తెలిసిన సంగతులను బట్టి, దేశంలో వాళ్లకు దగ్గరగా ఉన్నవాళ్లను అది ఏరుతుంది. ఒక శాతం నుంచి పది శాతం దాకా ఎంత వెడల్పు కావాలో వ్యాపారి చెప్పుకోవచ్చు. ఒక శాతం అంటేనే దేశం మొత్తం మీద లక్షల మంది. అందులోంచి ఏలూరు చుట్టుపక్కల ఉన్నవాళ్లకే అని గీత గీస్తే మిగిలేది చిన్న గుంపు. ఒక్క ఊరికి పరిమితమైన షాపుకు లుక్‌అలైక్ చెప్పుకున్నంత లాభం ఇవ్వకపోవడానికి కారణం ఇదే. ఆన్‌లైన్‌లో దేశమంతటికీ అమ్మేవాళ్లకు దాని ఉపయోగం ఎక్కువ.

ఇంతవరకూ వింటే ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. ఏజెన్సీవాళ్లు చెప్పే మాట కూడా అదే: "నంబర్లు అసలు బయటికి పోవు సార్, హ్యాష్ అయిపోతాయి." ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి. అంటే ఉండగల నంబర్లన్నీ కలిపినా నాలుగు వందల కోట్లు. వాటన్నిటికీ ముందే హ్యాష్ కట్టి పెట్టుకోవడం మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఒక కంప్యూటరుకు నిమిషాల పని. అదీకాక, ఈ ఏర్పాటు పనిచేసేదే ఎదుటివాళ్లు మనిషిని గుర్తుపట్టగలరు కాబట్టి. గుర్తుపట్టలేకపోతే ప్రకటన ఎవరికి చూపిస్తారు? ఫైలు దారిలో ఎవరి చేతికైనా చిక్కితే హ్యాషింగ్ కొంత అడ్డు పడుతుంది, నిజమే. ఆ పెద్దావిడ ఫలానా షాపు కస్టమరు అన్న సంగతి మెటాకు చేరకుండా మాత్రం అది ఆపదు. 2018లో జర్మనీలోని బవేరియా కోర్టులు తేల్చింది కూడా ఇదే. ఒక ఆన్‌లైన్ షాపు అనుమతి తీసుకోకుండా కస్టమర్ లిస్టును ఫేస్‌బుక్‌కు ఎక్కించింది. హ్యాష్ చేశాం కదా అన్న వాదనను కోర్టులు ఒప్పుకోలేదు.

కెనడాలో జరిగింది మన బిల్లింగ్ కౌంటరుకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ హోమ్ డిపో అనే పెద్ద ఇంటి సామాన్ల దుకాణాల సంస్థ, కాగితం బిల్లు బదులు ఈమెయిల్‌కు బిల్లు పంపమంటారా అని కస్టమర్లను అడిగేది. ఒకాయన తన ఫేస్‌బుక్ ఖాతా తీసేసుకుంటూ, తన గురించి అక్కడ ఏమేం ఉన్నాయో చూసుకున్నాడు. ఆ దుకాణంలో స్వయంగా వెళ్లి కొన్న కొనుగోళ్ల నమోదు కనిపించింది. ఫిర్యాదు చేశాడు. ఈమెయిల్ హ్యాష్‌లూ కొనుగోలు వివరాలూ మెటాకు వెళుతున్నాయనీ, దానికి సరైన అనుమతి లేదనీ 2023 జనవరిలో ఆ దేశపు ప్రైవసీ కమిషనర్ తేల్చారు. బిల్లు కోసం ఈమెయిల్ ఇచ్చిన మనిషి దాన్ని సోషల్ మీడియా కంపెనీకి పంపుతారని అనుకోడు కదా! ప్రతిసారీ అనుమతి అడిగితే కస్టమర్లు విసుగెత్తిపోతారని సంస్థ వాదించింది. అడగకపోవడానికి అది కారణం కాదన్నారు కమిషనర్. సంస్థ అప్పటికే, 2022 అక్టోబరులో, ఆ పంపకం ఆపేసింది.

మన దగ్గర 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సరిగ్గా ఇలాంటి సందర్భాన్నే ఉదాహరణగా ఇస్తుంది. ఒకామె మందుల షాపులో కొని, డబ్బు ముట్టినట్టు ఫోన్‌కు మెసేజ్ పంపమంటుంది. షాపు ఆ నంబరును రసీదు పంపడానికి వాడుకోవచ్చు. చట్టం చెప్పేది అంతవరకే. ప్రకటనలకు వాడాలంటే విడిగా, ఎందుకో చెప్పి, ఆమె తనంతట తాను ఒప్పుకున్నట్టు స్పష్టమైన అనుమతి కావాలి. ఆ నోటీసు తెలుగులో కావాలన్నా ఇవ్వగలగాలి. ఒప్పుకోవడం ఎంత సులువో వద్దనడం కూడా అంతే సులువుగా ఉండాలి. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు తర్వాత, అంటే 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి. డేటాను సరిగ్గా కాపాడకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. ఇక నంబరు ఇస్తేనే బిల్లు అనే పట్టుదల తగదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే చిల్లర వ్యాపారులకు సూచించింది.

మరి మన ఏలూరు వ్యాపారి ఏం చేయాలి? ఇక్కడే చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. లుక్‌అలైక్ కట్టడానికి ఒకే దేశానికి చెందిన 100 మంది సరిపోలితే చాలు. మెటా కూడా వెయ్యి నుంచి అయిదు వేల దాకా మంచి కస్టమర్లు ఉంటే మేలంటుంది. 14,000 మందినీ పోయాల్సిన అవసరమే లేదు. పైగా ఆ పద్నాలుగు వేలలో అయిదేళ్ల కిందట ఒక్కసారి కర్చీఫు కొన్నవాళ్లు కూడా ఉంటారు. వాళ్లను పోలినవాళ్లను వెతికి లాభమేమిటి?

అందుకని ఆయన కౌంటర్లో రెండు ప్రశ్నలు విడివిడిగా పెట్టాలి. "బిల్లు ఫోన్‌కు పంపమంటారా?" అన్నది ఒకటి. "మా ప్రకటనలు మీకూ, మీలాంటి అభిరుచి ఉన్నవాళ్లకూ చూపించడానికి మీ నంబరు ఫేస్‌బుక్‌తో పోల్చుకోవచ్చా?" అన్నది రెండోది. రెండోదానికి వద్దన్నా బిల్లు, డిస్కౌంటు మారకూడదు. పది మందిలో ఇద్దరు ఒప్పుకున్నా, మూడు షాపుల్లో రోజుకు 60 బిల్లులు పడితే రోజుకు పన్నెండు మంది, మూడు నెలలు తిరిగేసరికి వెయ్యి దాటుతారు. తెలిసి ఒప్పుకున్న ఆ వెయ్యి మందీ ఈ మూడు నెలల్లో షాపుకు వచ్చినవాళ్లే. పాత పద్నాలుగు వేల కంటే ఈ లిస్టు మీదే నాకు నమ్మకం ఎక్కువ.

లిస్టులో నంబరుతో పాటు ఏం పంపుతున్నామో కూడా చూసుకోవాలి. ఒక్కొక్కరు ఎంత ఖర్చు పెట్టారో చెప్పే `value` అనే కాలమ్ ఒకటి పెట్టుకోవచ్చు, దాంతో పెద్ద కొనుగోలుదార్లను పోలినవాళ్లు దొరుకుతారు. కానీ అప్పుడు ఫలానావాళ్లు మన దగ్గర ఎంత కొన్నారో కూడా మెటాకు చెబుతున్నట్టే. ఇంతకంటే సున్నితమైనది లిస్టును విడగొట్టే పద్ధతి. గర్భిణుల దుస్తులు కొన్నవాళ్లను వేరే లిస్టుగా తీస్తే, ఆ లిస్టులో ఉండడమే ఒక కబురు. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పని అమ్మాయి ఉండవచ్చు, కడుపు నిలవని అమ్మాయీ ఉండవచ్చు. ఆ అమ్మాయికి ఫోన్ తీసినప్పుడల్లా ఉయ్యాలల ప్రకటన కనిపిస్తే! ఈ లిస్టు మాత్రం కట్టనే వద్దని నా మాట. పుట్టినరోజు డిస్కౌంటు అని పిల్లల పేర్లు, తేదీలు రాసుకునే పుస్తకం కూడా అంతే. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. పిల్లలను గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడాన్ని చట్టం నిషేధిస్తుంది.

నిజంగా డేటా కారిపోయేది ఎక్కువగా మెటా దగ్గర కాదు, అంతకు ముందే. ఎక్సెల్ ఫైలు వాట్సాప్‌లో ఏజెన్సీకి వెళుతుంది. అక్కడ నలుగురి ఫోన్లలో మిగిలిపోతుంది. ఏజెన్సీ దాన్ని తన సొంత ప్రకటనల ఖాతాలోకి ఎక్కిస్తే, రేపు మీ లిస్టు మీద కట్టిన లుక్‌అలైక్ పక్క వీధి షాపుకు కూడా పనికొస్తుంది. మీకు తెలియను కూడా తెలియదు. కాబట్టి ప్రకటనల ఖాతా షాపు పేరు మీదే తెరిచి, ఏజెన్సీకి అందులో పనిచేసే అనుమతి మాత్రమే ఇవ్వాలి. ఫైలు ఎక్కించే పని షాపు మనిషి చేతుల మీదుగానే జరగాలి. ఏజెన్సీతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అది చట్టం కూడా అడుగుతుంది.

ఎవరైనా నా నంబరు తీసేయండి అంటే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో టిక్కు తీసేసి ఊరుకుంటే సరిపోదు. మెటాలోని జాబితాలోంచి కూడా తీయాలి. అలా తీస్తే, నడుస్తున్న లుక్‌అలైక్ మూడు నుంచి ఏడు రోజుల్లో తనంతట తాను మళ్లీ కట్టుకుంటుంది. కస్టమరు తన వైపు నుంచి కూడా చూసుకోవచ్చు. ప్రకటన పక్కనున్న మూడు చుక్కలు నొక్కి `Why am I seeing this ad?` తెరిస్తే, షాపు ఇచ్చిన లిస్టు వల్ల అది కనిపిస్తోందా అన్నది అక్కడ తెలుస్తుంది.

షాపు నడిపేవాళ్లకు ఒక విన్నపం. రేపు ఉదయం కౌంటర్లో కుర్రాడిని పక్కకు పిలిచి ఒక్క మాట అడగండి: "నంబరు ఎందుకని కస్టమరు అడిగితే ఏం చెబుతున్నావు?" సిస్టం తీసుకోదంటున్నాను అని వాడు చెబితే, ముందు ఆ జవాబు మార్పించండి. లిస్టు సంగతి ఆ తర్వాత.