పదివేలు అంటే పదివేలేనా?

కోఠిలోనైనా, బెజవాడ బీసెంట్ రోడ్డులోనైనా... సెల్‌ఫోన్ సామాన్లు అమ్మే బండి ముందు కాసేపు నిలబడితే చాలు. ఇరవై వేలు, ముప్ఫై వేలు, యాభై వేలు అంటూ అంకెలేసుకున్న పవర్ బ్యాంకులు వరసగా కనిపిస్తాయి. చేతిలోకి తీసుకుంటే అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నవి. ధర చూస్తే పేరున్న కంపెనీ పదివేల పవర్ బ్యాంకులో సగం కూడా ఉండదు. 'ఎందుకంత తక్కువ?' అని అడిగితే 'ఇంపోర్టెడ్ సార్, బిల్లు లేదు కాబట్టి ఆ రేటు' అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఇక్కడ కొనేవాడికి రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి- ఇది పేలకుండా, కాలకుండా పనిచేస్తుందా? రెండు- డబ్బాపై రాసినంత కరెంటు ఇందులో నిజంగా ఉందా? చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. కానీ మొదటిదానికి జవాబు ముద్రలో దొరుకుతుంది. రెండోదానికి లెక్కలో దొరుకుతుంది. దేనికదే వేరు!

ముద్ర ఏం చెబుతుంది?

మన దేశంలో పవర్ బ్యాంకు అమ్మాలంటే భారతీయ ప్రమాణాల సంస్థ- బీఐఎస్- దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఎలక్ట్రానిక్ వస్తువులకు ఈ నిర్బంధ రిజిస్ట్రేషన్ ఉత్తర్వు 2012లో వచ్చింది. పవర్ బ్యాంకులు, వాటి లోపలుండే బ్యాటరీ సెల్స్ 2014లో ఆ జాబితాలో చేరాయి. వస్తువు నమూనాను బీఐఎస్ గుర్తింపున్న లేబొరేటరీలో పరీక్షించాక ఫ్యాక్టరీకి ఓ నంబరు ఇస్తారు. అది 'R-' తో మొదలై, ఎనిమిది అంకెలతో ఉంటుంది.

కుక్కర్ మీదా, సిమెంటు బస్తా మీదా మనకు అలవాటైన ఐఎస్ఐ గుర్తు దీనిపై ఉండదు. దీనిది వేరే ముద్ర. దాని పైన ప్రమాణం నంబరు, కింద ఆ ఆర్ నంబరు ఉంటాయి. పవర్ బ్యాంకుకైనా చార్జరుకైనా ప్రమాణం నంబరు 13252 అని ఉంటుంది, లేదా కొత్తగా వచ్చిన 62368 అని ఉంటుంది. 16046 అని ఉందా? అయితే జాగ్రత్త! అది లోపలి సెల్‌కు సంబంధించిన ప్రమాణం. సెల్ మంచిదే కావచ్చు. దాని చుట్టూ కట్టిన సర్క్యూట్ సంగతి ఆ నంబరు చెప్పదు. మొత్తం పవర్ బ్యాంకుకు విడిగా ముద్ర ఉండాల్సిందే.

అసలు చిక్కు ఏమిటంటే- నంబరు అచ్చు వేయడం ఎవరికైనా చేతనవుతుంది. అందుకే దాన్ని చూసి వదిలేయకూడదు, సరిచూడాలి. బీఐఎస్ వారి 'BIS Care' యాప్ ఫోన్లో వేసుకుంటే సీఆర్ఎస్ కింద ఆర్ నంబరు సరిచూసే వీలుంటుంది. నంబరు కొట్టగానే ఫ్యాక్టరీ పేరు, ఊరు, వస్తువు రకం, బ్రాండు, రిజిస్ట్రేషన్ అమల్లో ఉందా లేదా అన్నవి వస్తాయి. ఫ్యాక్టరీ పేరు బ్రాండు పేరుతో కలవకపోతే కంగారుపడక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఇచ్చేది తయారుచేసిన ఫ్యాక్టరీకి. ఒకరు తయారుచేస్తే మరొకరు తమ పేరుతో అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. చూడాల్సినవి మూడే. వస్తువు రకం దగ్గర పవర్ బ్యాంకు అని ఉందా? బ్రాండు చేతిలో ఉన్నదేనా? రిజిస్ట్రేషన్ ఇంకా అమల్లో ఉందా? నంబరు కొడితే ఎల్ఈడీ బల్బో, వేరే బ్రాండో వచ్చిందంటే అది అరువు తెచ్చుకున్న నంబరే!

మరి డబ్బా మీద సీఈ, ఎఫ్‌సీసీ, ఆర్ఓహెచ్ఎస్ అంటూ బారుగా అక్షరాలుంటాయి కదా? మొదటిది ఐరోపా నిబంధనలకు లోబడి ఉందని తయారీదారు తనకు తానే చెప్పుకునే మాట. రెండోది అమెరికాలో రేడియో తరంగాలకు అడ్డు తగలదని చెప్పేది. మూడోది సీసంలాంటి హానికర పదార్థాలకు సంబంధించింది. మన దేశంలో అమ్మకానికి ఇవేవీ ఆర్ నంబరుకు బదులు కావు.

లెక్క ఏం చెబుతుంది?

ముద్ర నిజమైనదే అనుకుందాం. అయినా డబ్బాపై పదివేలు అని ఉంటే పదివేలూ ఉన్నట్టేనా? ముద్ర ఆ హామీ ఇవ్వదు. అది భద్రతకు సంబంధించిన ప్రమాణం. అంటే షాక్, మంట, వేడిలాంటి ప్రమాదాలను చూసేది. ఎంత నింపారన్నది మనమే తేల్చుకోవాలి.

మంచి కంపెనీ పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకునే తీసుకుందాం. ఆ పదివేలూ లోపలి సెల్ లెక్క. సెల్ పనిచేసేది సుమారు 3.7 వోల్టుల దగ్గర. రెంటినీ హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే వచ్చేదే అసలు నిల్వ.

10000 × 3.7 ÷ 1000 = 37

అంటే 37 వాట్ అవర్లు. బిందెలో నీళ్లెన్ని ఉన్నాయో చెప్పే అంకె ఇదే. కానీ ఫోనుకు వెళ్లే తీగలో కనీసం 5 వోల్టులుండాలి. 3.7ను 5కు పెంచే సర్క్యూట్ కొంత కరెంటును వేడి రూపంలో పోగొట్టుకుంటుంది. వందకు పదిహేను పాళ్లు పోయిందనుకుంటే బయటికి వచ్చేది దాదాపు 31 వాట్ అవర్లు. 5 వోల్టుల దగ్గర చెప్పాలంటే అది సుమారు 6,300 ఎంఏహెచ్.

కాబట్టి పదివేల పవర్ బ్యాంకు ఆరువేల చిల్లర ఇస్తే అది మోసం కాదు, అది భౌతికశాస్త్రం! నిజాయతీ ఉన్న కంపెనీలు ఈ సంగతి దాచవు. పవర్ బ్యాంకు వెనక చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అంటూ 5 వోల్టుల దగ్గర ఇంత అని వేస్తాయి. పక్కనే వాట్ అవర్లూ ఉంటాయి. పెద్ద అంకె ఒక్కటే ఉండి ఈ రెండూ లేకపోతే అనుమానించాల్సిందే. విమానమెక్కే వారికి వాట్ అవర్ల అంకె మరీ అవసరం. పవర్ బ్యాంకును చేతి సంచిలోనే తీసుకెళ్లాలి, వంద వాట్ అవర్లు దాటితే ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి. బండి మీద అమ్మే 'యాభై వేలు' నిజంగా యాభై వేలే అయితే 185 వాట్ అవర్లవుతుంది. అనుమతి అడిగినా ఎక్కించరు, ఎందుకంటే అనుమతితో తీసుకెళ్లగలిగేది 160 వరకే.

త్రాసు అబద్ధం చెప్పదు

దుకాణంలోనే చేయదగ్గ పరీక్ష ఒకటుంది. బరువు చూడటం. లిథియం సెల్‌లో కరెంటు నిల్వకు హద్దుంది. చిన్న బ్యాటరీలా గుండ్రంగా ఉండే 18650 రకం సెల్ ఒక్కోటి దాదాపు 45 గ్రాములు తూగుతుంది. దాంట్లో పట్టేది ఎంత మంచిదైనా 3,500 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతుంది. అందుకే పదివేల పవర్ బ్యాంకు మామూలుగా 180 నుంచి 230 గ్రాముల దాకా ఉంటుంది. ఇరవై వేలదైతే 350 దాటుతుంది. మరి యాభై వేలని రాసుకున్నది 250 గ్రాములే తూగితే? మిగతా నలభై వేలూ అచ్చులోనే ఉన్నాయని అర్థం!

అయితే ఈ పరీక్ష ఒకవైపే పనిచేస్తుంది. తేలిగ్గా ఉంటే కచ్చితంగా తప్పే. బరువుగా ఉన్నంత మాత్రాన మంచిదని కాదు. ఇసుక నింపి బరువు పెంచిన నకిలీలు గతంలో బయటపడ్డాయి.

ఇంటికి తెచ్చాక అసలు పరీక్ష చేయొచ్చు. ఫోను బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ అనుకుందాం. అది సుమారు 19 వాట్ అవర్లు. నింపేటప్పుడు ఫోనులోనూ కొంత వృథా అవుతుంది కాబట్టి వంద శాతం నిండటానికి 21 లేదా 22 కావాలి. మంచి పవర్ బ్యాంకు 31 ఇస్తుంది. అంటే ఒకటిన్నర సార్లకు కాస్త తక్కువగా, 140 శాతం దాకా నింపాలి. పవర్ బ్యాంకును పూర్తిగా చార్జ్ చేసి, అది ఖాళీ అయ్యేదాకా ఒకే ఫోనును నింపుతూ ఎన్ని శాతాలు ఎక్కాయో రాసుకోవాలి. ఆ సమయంలో ఫోను వాడకూడదు. 15 నుంచి 95కు ఎక్కితే 80. ఫోను వాడుకుని మళ్లీ పెట్టినప్పుడు 30 నుంచి 88కి ఎక్కి పవర్ బ్యాంకు ఆగిపోతే 58. మొత్తం 138. ఇది సరైన సరుకే. మొత్తం 70 దగ్గరే ఆగిపోయిందా? లోపల ఉన్నది పదివేలు కాదు, ఐదువేల లోపే. ఫోను పాతదైతే దాని బ్యాటరీ తగ్గి ఉంటుంది, అప్పుడు శాతాలు ఎక్కువ కనిపిస్తాయి. అందుకే ఈ పరీక్షకు కొత్త ఫోనే మేలు.

ఇంకా కచ్చితంగా తెలియాలంటే యూఎస్‌బీ మీటరు ఉంది. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. పవర్ బ్యాంకుకూ తీగకూ మధ్య పెడితే ఎంత కరెంటు వెళ్లిందో లెక్కకడుతుంది. అందులో ఎంఏహెచ్ కాకుండా వాట్ అవర్ల అంకె చూడాలి. ఫాస్ట్ చార్జింగ్‌లో వోల్టులు మారినా ఆ అంకె మోసం చేయదు.

చార్జరు దగ్గర ప్రాణం లెక్క

పవర్ బ్యాంకులో మోసపోతే ఎక్కువగా పోయేది డబ్బు. చార్జరు అలా కాదు. అది గోడలోని 230 వోల్టులకూ చేతిలోని ఫోనుకూ మధ్య నిలబడే అడ్డుగోడ. మంచి చార్జరులో కరెంటు వచ్చే వైపుకూ, ఫోనుకు వెళ్లే వైపుకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఎడం ఉంచుతారు. ట్రాన్స్‌ఫార్మర్ తీగలకు మంచి ఇన్సులేషన్ చుడతారు. చవక చార్జరులో ఖర్చు తగ్గించేది సరిగ్గా ఇక్కడే. ఆ ఎడం తెగిన రోజున గోడలోని కరెంటు తీగ వెంట ఫోనుదాకా వచ్చేస్తుంది. విప్పి చూస్తే తప్ప ఇది తెలియదు. అందుకే చార్జరుకు ముద్ర మరీ ముఖ్యం. ఆర్ నంబరు డబ్బా మీదే కాదు, చార్జరు ఒంటిమీదా ఉండాలి.

సత్తాకు మాత్రం చిన్న లెక్క సరిపోతుంది. చార్జరు మీద 'అవుట్‌పుట్' దగ్గర వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి. రెంటినీ హెచ్చవేస్తే వాట్లు. డబ్బాపై 65 వాట్లని పెద్దక్షరాలతో రాసి, ఒంటిమీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని మాత్రమే ఉంటే అది పది వాట్ల చార్జరే!

ముద్ర ఉన్నా...

ముద్ర ఉంటే ఇక నిశ్చింతేనా? పరీక్షకు వెళ్లేది నమూనా మాత్రమే. ఆ తర్వాత సెల్స్‌లో తేడా వస్తే మంచి బ్రాండుకైనా తిప్పలే. 2025 జూన్‌లో చైనాలో రోమోస్, యాంకర్ కంపెనీలు లక్షల సంఖ్యలో పవర్ బ్యాంకులను వెనక్కి పిలిపించాయి. సెల్స్ వేడెక్కి మంటలొచ్చే ప్రమాదం ఉండటమే కారణం. పేరున్న కంపెనీకి, ఊరూపేరూ లేనిదానికి తేడా ఇక్కడే తెలుస్తుంది. తప్పు బయటపడ్డప్పుడు ఏ మోడలో, ఏ నంబరో చెప్పి వెనక్కి తీసుకునే చిరునామా ఒకదానికి ఉంటుంది, రెండోదానికి ఉండదు. బిల్లు దాచుకోవాల్సిందీ అందుకే.

వాడుతున్న పవర్ బ్యాంకు ఉబ్బినా, అతుకుల దగ్గర విచ్చుకున్నా, ఊరికే పెట్టినప్పుడూ వేడెక్కినా ఆ రోజే పక్కన పెట్టేయాలి. గుచ్చడం, నొక్కి సరిచేయాలనుకోవడం పనికిరాదు. చెత్తబుట్టలోనూ వేయకూడదు. ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి. నంబరు దొంగదని తేలితే బీఐఎస్ యాప్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు వెనక్కి రావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

ఈసారి బేరమాడే ముందు రెండు నిమిషాలు కేటాయించండి. ఓ నిమిషం ఆర్ నంబరు సరిచూడటానికి, ఇంకో నిమిషం వాట్ అవర్లు వెతకడానికి. ఆ రెండు నిమిషాలకు దుకాణదారు విసుక్కుంటే... ఆ విసుగే మూడో పరీక్ష!