బీసీజీ టీకాపై 13 పరిశోధనలు: ఐ-స్క్వేర్డ్ 92 అంటే ఏమిటి?

టీబీ రాకుండా బీసీజీ టీకా ఎంతవరకు కాపాడుతుంది? ఈ ప్రశ్నపై వేర్వేరు దేశాల్లో జరిగిన 13 ట్రయల్స్‌ను 1994లో అమెరికాలో గ్రాహం కోల్డిట్జ్ బృందం ఒకచోట చేర్చి లెక్కగట్టింది. ఇలా చాలా పరిశోధనల ఫలితాలను కలిపి ఒక అంచనాకు రావడాన్నే మెటా అనాలిసిస్ అంటారు. టీకా వేసుకున్నవారిలో టీబీ ముప్పు దాదాపు సగానికి తగ్గిందని తేలింది. కానీ ఆ ‘సగం’ అనే మాట ఏ ఊరికి వర్తిస్తుంది?

విడివిడిగా చూస్తే అసలు విషయం బయటపడుతుంది. కెనడాలోని సస్కాచెవాన్‌లో టీకా వేసిన 306 మంది చిన్నారుల్లో 6 మందికి టీబీ వచ్చింది. వేయని 303 మందిలో 29 మందికి వచ్చింది. అంటే ముప్పు ఐదో వంతుకు పడిపోయినట్టు. అదే మన రాయలసీమలోని మదనపల్లెలో తగ్గుదల 20 శాతమే. మద్రాసు పక్కన చెంగల్పట్టులో జరిగిన భారీ ట్రయల్‌లోనైతే టీకా వేసిన సుమారు 88 వేల మందిలో 505 మందికి, వేయని 88 వేల మందిలో 499 మందికి జబ్బు వచ్చింది. తేడా ఏమీ లేదన్నమాట. (పసిపిల్లల్లో తీవ్రమైన టీబీని, ముఖ్యంగా మెదడు పొరలకు సోకే టీబీని బీసీజీ అడ్డుకుంటుంది. పుట్టగానే టీకా వేసేది అందుకే.)

ఫలితాల్లో కొంత తేడా ఎప్పుడూ ఉంటుంది. ఒకే నాణేన్ని 100 సార్లు చొప్పున రెండు దఫాలు ఎగరేసినా బొమ్మలు సమానంగా పడవు కదా. ఇక్కడి తేడా అలా యాదృచ్ఛికంగా వచ్చిందేనా, లేక టీకా ప్రభావమే చోటును బట్టి మారిందా? ఈ రెండో రకం తేడానే హెటిరోజెనిటీ, అంటే వైవిధ్యం. దాన్ని పట్టుకోవడానికి ముందు Q అనే సంఖ్య లెక్కిస్తారు. అన్నిచోట్లా ప్రభావం ఒకటే అయితే Q సగటున పరిశోధనల సంఖ్యకంటే ఒకటి తక్కువ, అంటే ఇక్కడ 12 దగ్గర ఉండాలి. వచ్చింది మాత్రం 152.

I² = (Q − df) / Q × 100

ఇక్కడ df అంటే ఆ 12. 152లోంచి 12 తీసేసి, 152తో భాగిస్తే 92 శాతం. (ఈ కొలత 2002లో వచ్చింది కాబట్టి పాత అంకెలపై తర్వాత వేసిన లెక్క ఇది.) ఫలితాల మధ్య కనబడే తేడాలో 92 శాతం యాదృచ్ఛికం కాదని దాని అర్థం.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఐ-స్క్వేర్డ్ ఒక వాటా మాత్రమే, తేడా ఎంత పెద్దదో అది చెప్పదు. ఇవే ట్రయల్స్ పదో వంతు మందితో జరిగి ఉంటే, ఊరికీ ఊరికీ టీకా ప్రభావంలో తేడా అంతే ఉన్నా, ఐ-స్క్వేర్డ్ 54 చుట్టుపక్కల వచ్చేది. చిన్న ట్రయల్స్‌లో యాదృచ్ఛిక తేడా ఎక్కువ కాబట్టి అది అసలు తేడాను కప్పేస్తుంది. 75 దాటితే ‘ఎక్కువ’, 25 లోపు ‘తక్కువ’ అని గీత గీసి వదిలేయడం అందుకే సరిపోదు.

మరి ఏ పద్ధతిలో కలపాలి? ఫిక్స్‌డ్ ఎఫెక్ట్ మోడల్ అన్నిచోట్లా ప్రభావం ఒక్కటే అనుకుంటుంది. అందుకే పెద్ద ట్రయల్‌కు పెద్దపీట వేస్తుంది. చెంగల్పట్టుకు ఒక్కదానికే 41 శాతం తూకం, సస్కాచెవాన్‌కు 0.8 శాతం. ముప్పు 35 శాతం తగ్గిందని జవాబు వస్తుంది. రాండమ్ ఎఫెక్ట్స్ మోడల్ మాత్రం ప్రభావం చోటు చోటుకూ మారుతుందని ఒప్పుకుంటుంది. అప్పుడు చెంగల్పట్టు తూకం 10 శాతానికి దిగి, సస్కాచెవాన్‌ది 6కి పెరుగుతుంది. తగ్గుదల 51 శాతం అవుతుంది. మనుషులు, వాతావరణం, టీకా తయారీ వేరైన ఈ ట్రయల్స్‌కు సరిపోయేది రెండోదే. ఈ ఎంపిక ఐ-స్క్వేర్డ్ చూశాక కాదు, పరిశోధనలు ఒకే రకమా కాదా అన్నదాన్ని బట్టి ముందే జరగాలి.

అయితే ఈ మోడల్‌కూ చిక్కులున్నాయి. మూడు నాలుగు పరిశోధనలే ఉంటే చోటు చోటుకూ ఉన్న తేడాను నమ్మకంగా అంచనా వేయలేం. పైగా చిన్న ట్రయల్స్ తూకం పెరుగుతుంది కాబట్టి, మంచి ఫలితం వచ్చిన చిన్నవే అచ్చయి ఉంటే జవాబు అటు ఒరిగిపోతుంది.

ఇంకోటి, 51 శాతమనేది సగటే. కొత్త చోట టీకా వేస్తే ఏమవుతుందో చెప్పేది ప్రిడిక్షన్ ఇంటర్వెల్. ఇక్కడ అది సుమారు 0.15 నుంచి 1.55 వరకు ఉంది. అంటే ముప్పు 85 శాతం తగ్గొచ్చు, అసలు తగ్గకపోనూవచ్చు.

భూమధ్యరేఖ నుంచి దూరాన్ని లెక్కలోకి తెస్తే ఈ తేడాలో చాలా భాగం విడిపోతుంది. దూరం పెరిగేకొద్దీ టీకా బాగా పనిచేసింది. వేడి ప్రాంతాల మట్టిలో, నీటిలో ఉండే టీబీ జాతి క్రిములు జనానికి ముందే సోకి ఉండటం వల్ల టీకా చేసే అదనపు మేలు తగ్గుతుందన్నది ఒక వివరణ. ఉన్నవి 13 ట్రయల్సే కనుక దూరం వెనక వేరే కారణం కూడా దాగి ఉండొచ్చు. దూరాన్ని లెక్కించాక కూడా ఐ-స్క్వేర్డ్ 68 దగ్గరే ఆగింది.