సూర్యోదయం, భానూదయం, రవ్యుదయం

సూర్యుడు, భానుడు, రవి ఒక్కరే. ముగ్గురికీ ఉదయమూ ఒకటే. అయినా ‘ఉదయం’ అన్న మాట చేర్చగానే మూడు పేర్లూ మూడు దారులు పట్టాయి: సూర్య + ఉదయం సూర్యోదయమైంది, భాను + ఉదయం భానూదయమైంది, రవి + ఉదయం రవ్యుదయం. చివరి మాట వాడుకలో అరుదే గానీ వ్యాకరణం ప్రకారం రూపం అదే. రెండో మాట మారలేదు కాబట్టి తేడా మొదటి మాట చివరి అచ్చులోనే ఉంది. ‘సూర్య’ చివర అ, ‘భాను’ చివర ఉ, ‘రవి’ చివర ఇ ఉన్నాయి.

‘భాను’ సంగతి తేలిక. ఉ పక్కన మళ్లీ ఉ వచ్చింది. ఒకే జాతి అచ్చులు రెండు కలిస్తే వాటి స్థానంలో ఒక దీర్ఘం నిలుస్తుంది. సవర్ణం అంటే ఒకే జాతిది. అందుకే ఇది సవర్ణదీర్ఘ సంధి. కవి + ఇంద్రుడు కవీంద్రుడు, రామ + ఆలయం రామాలయం కావడమూ ఇలాగే. రెంటిలో ఏది పొట్టిదైనా, ఏది పొడుగైనా ఫలితం దీర్ఘమే.

‘సూర్య’ దగ్గర అ పక్కన ఉ వచ్చింది. ఇవి వేర్వేరు జాతులు. నెమ్మదిగా ‘అ’ అని చూడండి: నోరు బాగా తెరుచుకుంటుంది, నాలుక కిందికి ఉంటుంది. ‘ఉ’ అనేటప్పుడు నాలుక వెనకభాగం పైకి లేస్తుంది, పెదవులు గుండ్రమవుతాయి. ఈ రెంటి నడుమ పలికేదే ‘ఓ’. అలాగే అకు, ఇకు నడుమ పలికేది ‘ఏ’. అందుకే గణ + ఈశుడు గణేశుడు అయ్యాడు, మహా + ఇంద్రుడు మహేంద్రుడు అయ్యాడు. ఋ వస్తే ‘అర్’ అవుతుంది. దేవ + ఋషి దేవర్షి. ఏ, ఓ, అర్ అనే మూడింటికీ గుణాలని పేరు. ఈ సంధి పేరు అక్కడి నుంచే వచ్చింది. నోటి కదలిక తెలిస్తే సూత్రం కంఠతా పట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

‘రవి’ది యణాదేశ సంధి: ఇ పక్కన వేరే జాతి అచ్చు వచ్చింది కనుక ఇ కాస్తా య్ అయిపోయింది. అతి + అంతం అత్యంతమైనట్టు. దాన్ని ఇక్కడికి వదిలేద్దాం.

కలపడం కంటే విడదీయడం కష్టం. హిమాలయం, హిమాచలం రెండూ ‘హిమా’తోనే మొదలవుతాయి. కానీ మొదటిది హిమ + ఆలయం, రెండోది హిమ + అచలం. ఆ దీర్ఘం వెనక ఉన్నది అ నా, ఆ నా అన్నది సంధి చెప్పదు, అర్థమే చెప్పాలి. ఆలయం అంటే నివాసం, అచలం అంటే కదలనిది, కొండ. ‘హిమ + ఆచలం’ అని రాస్తే ‘ఆచలం’ అన్న మాటకు ఇక్కడ అర్థం కుదరదు. తప్పు అక్కడే బయటపడుతుంది. ‘మహర్షి’లో పొరపాటు మరో రకం. పైకి హ్రస్వమే కనిపిస్తుంది కాబట్టి చాలామంది ‘మహ + ఋషి’ అని విడదీస్తారు. మహాకవి, మహానది తలుచుకుంటే అసలు మాట ‘మహా’ అని తెలుస్తుంది. ఆ దీర్ఘాన్ని ‘అర్’ మింగేసింది.

ఇంతా నేర్చుకున్నాక ‘మేనల్లుడు’ ఎదురైతే పిల్లలు తికమక పడతారు. మేన + అల్లుడు. అ పక్కన అ ఉంది కదా, మరి ‘మేనాల్లుడు’ ఎందుకు కాలేదు? పుట్టిన + ఇల్లు ‘పుట్టినేల్లు’ ఎందుకు కాలేదు? ఎందుకంటే సవర్ణదీర్ఘ, గుణ, యణాదేశ సంధులు సంస్కృత పదాల మధ్య జరిగేవి. మేన, అల్లుడు, ఇల్లు తెలుగు మాటలు. తెలుగు సంధిలో రెండు అచ్చులూ కలిసి కొత్త అచ్చు పుట్టదు. మొదటి మాట చివరి అచ్చు తప్పుకుంటుంది, రెండో మాట మొదటి అచ్చు ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది. మేన్ + అల్లుడు, పుట్టిన్ + ఇల్లు అన్నమాట. చివరి అచ్చు అ కాబట్టి ఇది అత్వ సంధి. ‘సూర్యుడు + ఉదయించాడు’ సూర్యుడుదయించాడు కావడమూ ఈ తీరే. మాట సంస్కృతం నుంచి వచ్చినా ‘డు’ చేరి తెలుగు పదమైంది, చివరి ఉ తప్పుకుంది. ఇది ఉత్వ సంధి.

అందుకే సంధి పేరు రాసేముందు పదాలు ఏ భాషవో చూసుకోవాలి. మరో తేడా కూడా ఉంది. సంస్కృత సమాసంలో సంధి తప్పనిసరి. సూర్యఉదయం అని విడిగా నిలపడం కుదరదు. అత్వ సంధి అంత బిగువుగా ఉండదు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం దీన్ని బహుళమంటుంది. కొన్నిచోట్ల జరుగుతుంది, కొన్నిచోట్ల జరగదు, కొన్నిచోట్ల రెండూ చెల్లుతాయి. పుట్టినిల్లు అనవచ్చు, సంధి చేయకుండా నడుమ ‘య’ చేర్చి పుట్టినయిల్లు అనీ అనవచ్చు.