కాలేయ కణంలో గాల్జీ వేట: సూచక ఎంజైముల సాక్ష్యం

ఎలుక కాలేయాన్ని చల్లని 0.25 మోలార్ చక్కెర ద్రావణంలో మెత్తగా నూరితే కణపు పొరలు చిట్లి, లోపలి కణాంగాలన్నీ ఆ ద్రవంలోకి వచ్చి కలిసిపోతాయి. వాటిని మళ్లీ వేరుచేయడానికి ఆ ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో అంచెలంచెలుగా, ప్రతిసారీ మరింత వేగంగా తిప్పుతారు. దీనినే భేదాత్మక అపకేంద్రణం అంటారు. గురుత్వాకర్షణకు సుమారు 600 రెట్ల బలంతో 10 నిమిషాలు తిప్పితే కేంద్రకాలు అడుగుకు చేరుతాయి, పైన మిగిలిన తేటను సుమారు 10,000 రెట్ల బలంతో తిప్పితే మైటోకాండ్రియాలు దిగుతాయి, ఆ తరువాతి తేటను 1,00,000 రెట్ల బలంతో గంటసేపు తిప్పితే మైక్రోసోములు, అంటే చిట్లిన అంతర్జీవద్రవ్య జాలపు పొరలు తిత్తులుగా ముడుచుకున్న రూపాలు, మడ్డిగా దిగుతాయి.

అయితే ఏ మడ్డీ శుద్ధమైనది కాదు, అందుకు కారణం ఈ పద్ధతిలోనే ఉంది. సాంద్రత సమానమైనప్పుడు రేణువు దిగే వేగం దాని వ్యాసపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, మైటోకాండ్రియాలో సగం వ్యాసం ఉన్న లైసోసోము దానికంటే నాలుగు రెట్లు నెమ్మదిగా దిగుతుంది. గొట్టం పైభాగంలోని మైటోకాండ్రియా అడుగును తాకేసరికి లైసోసోములు ఆ దూరంలో నాలుగోవంతే ప్రయాణిస్తాయి, కానీ మొదటినుంచీ అడుగుకు చేరువలో ఉన్న నాలుగోవంతు లైసోసోములు మడ్డిలో చేరిపోయే ఉంటాయి. ఆ మడ్డిని తాజా ద్రావణంలో కలిపి మరోసారి తిప్పితే కల్తీ పదహారోవంతుకు తగ్గుతుంది గాని పూర్తిగా పోదు.

ఈ కల్తీని కొలిచేవే సూచక ఎంజైములు. ఒకే కణాంగంలో ఉండి, నూరినప్పుడు అక్కడినుంచి ఊడిపోకుండా, సులభంగా కొలవదగిన ఎంజైమును ఆ కణాంగానికి గుర్తుగా ఎంచుకుంటారు. మైటోకాండ్రియాకు సైటోక్రోమ్ ఆక్సిడేజ్, కాలేయపు అంతర్జీవద్రవ్య జాలానికి గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ ఇలాంటివే. ఈ రెండో ఎంజైము కాలేయంలో మెండుగా ఉన్నా కండరంలో దాదాపు ఉండదు కనుక, ఒక కణజాలానికి ఎంచుకున్న సూచకాన్ని మరోదానికి యథాతథంగా వాడటం తప్పు.

గాల్జీ సంకీర్ణం ఈ పనిలో అత్యంత కఠినమైన పరీక్ష, ఎందుకంటే అది కణంలో చాలా తక్కువ పరిమాణంలో ఉంటుంది, దాని పొరలు మైక్రోసోములతో కలిసే దిగుతాయి. కెనడాలోని మాంట్రియల్ నగరపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో తరువాత దీర్ఘకాలం గాల్జీపై పరిశోధించిన జాన్ బెర్జరాన్, 1973లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జార్జ్ పలాడే బృందంతో కలిసి దీనికొక చక్కని ఉపాయాన్ని ప్రచురించారు. ఎలుకలకు ముందుగా ఆల్కహాల్ పట్టిస్తే కాలేయంలోని గాల్జీ తిత్తులు కొవ్వు రేణువులతో నిండి తేలికవుతాయి, అప్పుడు మైక్రోసోముల మడ్డిని చిక్కని చక్కెర ద్రావణంలో కలిపి పైన పలుచని పొరలు పోసి తిప్పితే మిగిలిన పొరలు కిందనే ఉండిపోగా గాల్జీ పైకి తేలుతుంది. తేలినది గాల్జీయేనని తేల్చడానికి గాలాక్టోసిల్ ట్రాన్స్‌ఫరేజ్‌ను సూచకంగా వాడారు.

ఆ ఎంజైమును కొలవడంలో ఒక మెలకువ ఉంది. అది తిత్తి లోపలి వైపున ఉంటుంది కనుక బయటినుంచి పోసిన పదార్థం దానికి సులభంగా అందదు. ట్రైటాన్ ఎక్స్-100 వంటి డిటర్జెంటుతో పొరను తెరవకపోతే లెక్క తక్కువగా వచ్చి, గాల్జీ ఉన్నచోట లేదనిపిస్తుంది.

ఫలితాన్ని చదివేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఉదాహరణకు నూరిన ద్రవంలో 1,000 మిల్లీగ్రాముల ప్రోటీను, 200 యూనిట్ల గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ ఉండి, మైక్రోసోముల మడ్డిలో 200 మిల్లీగ్రాములు, 120 యూనిట్లు తేలాయనుకుంటే, మిల్లీగ్రాముకు యూనిట్లు 0.2 నుంచి 0.6కు, అంటే మూడు రెట్లకు పెరిగినట్టు. ఇది స్వల్పంగా కనిపించవచ్చు, కానీ ఆ జాలం కణ ప్రోటీనులో ఐదోవంతు ఉంటే, సంపూర్ణ శుద్ధిలోనైనా పెరుగుదల ఐదు రెట్లను మించదు. గాల్జీ ప్రోటీను నూటికి ఒక వంతైతే అదే హద్దు వంద రెట్లు కనుక, గాల్జీ విషయంలో ముప్పై రెట్లు వచ్చినా సంతృప్తి చెందరాదు. అన్ని భాగాల యూనిట్లనూ కూడితే మొదటి 200కు దరిదాపుల్లో రావాలి. బాగా తగ్గితే ఎంజైము చెడిపోయినట్టు, పెరిగితే మొదటి కొలతలోనే ఏదో అడ్డు తగిలినట్టు భావించాలి. పైగా కావలసిన సూచకం పెరగడమే కాక, అక్కరలేని సూచకాలు తగ్గినట్టు కూడా చూపాలి, ఎందుకంటే కొలవని కణాంగపు కల్తీ ఎన్నటికీ కనిపించదు.

2006లో బెర్జరాన్ బృందం ఎలుక కాలేయపు గరుకు, నునుపు మైక్రోసోములనూ గాల్జీనీ విడదీసి, మాస్ స్పెక్ట్రోమెట్రీతో 1,400కు పైగా ప్రోటీన్లను గుర్తించి ‘సెల్’ పత్రికలో ప్రచురించింది. అంత పెద్ద జాబితాలో కూడా ఏ ప్రోటీను ఏ భాగానిదో నిర్ణయించడానికి ముందుగా కావలసి వచ్చింది, చిరపరిచితమైన సూచకాలు ఆ మూడు భాగాల్లో ఎలా పంచుకున్నాయన్న లెక్కే.