లాక్ పడిన ఫోన్‌లో ఇంటి నంబర్ ఎక్కడ?

ఇలా జరిగిందనుకుందాం. సాయంత్రం ఏడు దాటింది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, చౌటుప్పల్ దాటాక, ఒక బైకు డివైడర్‌ని గుద్దుకుంది. నడుపుతున్న కుర్రాడికి స్పృహ లేదు. టీకొట్టు దగ్గర లారీ ఆపుకున్న డ్రైవర్ పరుగున వచ్చాడు. ఆయన ఫోన్ లారీ క్యాబిన్‌లో చార్జింగ్‌లో ఉంది. కుర్రాడి ఫోన్ మాత్రం రోడ్డు మీదే పడి ఉంది. గ్లాసు పగిలినా వెలుగుతోంది, కానీ లాక్ పడి ఉంది.

ఆ డ్రైవర్‌కి ఇప్పుడు రెండు పనులున్నాయి: అంబులెన్స్‌ని పిలవాలి, కుర్రాడి ఇంటికి చెప్పాలి. మొదటి పనికి లాక్ అడ్డం కాదు. లాక్ తెర మీద పైకి జరిపితే కింద Emergency call అని కనిపిస్తుంది. అక్కడ 112 నొక్కితే చాలు.

చూడ్డానికి మామూలు కాల్‌లాగే ఉన్నా, లోపల జరిగేది వేరు. 112, 911 అనే రెండింటినీ ప్రపంచమంతటా మొబైల్ ఫోన్లు అత్యవసర నంబర్లుగా గుర్తుపట్టాలని ప్రమాణాల్లోనే రాసి ఉంది. వాటికి తోడు ఆ దేశంలో వాడే నంబర్లు కొన్ని సిమ్‌లో ఉంటాయి, కొన్నిటిని నెట్‌వర్క్ ఫోన్‌కి పంపుతుంది. అలాంటి నంబర్ నొక్కగానే ఫోన్ టవర్‌కి ‘ఫలానా నంబర్ కలపండి’ అని చెప్పదు, ‘ఇది అత్యవసర కాల్’ అని చెబుతుంది. అప్పుడు రీచార్జ్ అయిపోయిందా, బ్యాలెన్స్ ఉందా అన్న లెక్క ఉండదు. మన కంపెనీ టవర్ అందకపోతే అందిన వేరే కంపెనీ టవర్ ద్వారా అయినా వెళ్లే ప్రయత్నం చేస్తుంది. సిగ్నల్ గీతల చోట Emergency calls only అని కనిపించడానికి అర్థం ఇదే. ఏ కంపెనీ టవరూ అందని ఘాట్ రోడ్డు మలుపులో మాత్రం 112 కూడా పలకదు.

ఆ కాల్ వెళ్లేది రాష్ట్ర కేంద్రానికి. మన దేశంలో 112ని మొదట 2018 నవంబర్‌లో హిమాచల్ ప్రదేశ్‌లో మొదలుపెట్టారు. ఇప్పుడు పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్ సాయానికి ఆ ఒక్క నంబర్ సరిపోతుంది. మనకి బాగా అలవాటైన 108 దానికంటే పాతది, 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పుట్టింది.

కాల్ ఏ రాష్ట్ర కేంద్రానికి చేరాలన్నది మీ సొంతూరిని బట్టి కాదు, మీ ఫోన్ ఆ క్షణాన పట్టుకున్న టవర్‌ని బట్టి ఉంటుంది. బెంగళూరులో ఉన్న కొడుకు, గుంటూరులో తండ్రి కిందపడ్డాడని తెలిసి 108 నొక్కితే పలికేది కర్ణాటక. డల్లాస్‌లో ఉన్న కూతురు 112 నొక్కితే, అమెరికాలో ఫోన్లు దాన్ని మామూలుగా 911కే కలుపుతాయి. అందుకే దూరాన ఉన్నవాళ్ల ఫోన్లో అమ్మానాన్నల పక్కింటివాళ్ల పది అంకెల నంబర్ ఉండి తీరాలి. మూడంకెల నంబర్ ఊరు దాటి పనిచెయ్యదు.

మళ్లీ చౌటుప్పల్‌కి వద్దాం. కాల్ ఎత్తినవాళ్లు మొదట అడిగేది ‘ఎక్కడ?’ అనే. టవర్‌ని బట్టి తెలిసే చోటు ఉజ్జాయింపు మాత్రమే. పట్నంలో కొన్ని వందల మీటర్లు తేడా ఉండొచ్చు, టవర్లు పలచగా ఉన్నచోట కిలోమీటర్లే. జాతీయ రహదారి మీద కిలోమీటరు రాయి అంకె, హైదరాబాద్ వైపు వెళ్లే రోడ్డా విజయవాడ వైపు వెళ్లేదా అన్న మాట, ఈ రెండూ చెబితే చాలా వెతుకులాట తప్పుతుంది. డివైడర్‌కి అవతలి వైపుకి వచ్చిన అంబులెన్స్ యూటర్న్ కోసం ఎంత దూరం పోవాలో ఆ దారిన తిరిగేవాళ్లకి తెలుసు. కాల్ చేశాక ఫోన్ జేబులో పెట్టేసుకోకూడదు. దారి అడగడానికి 108 సిబ్బంది తిరిగి చేస్తారు.

అంబులెన్స్ వచ్చింది, కుర్రాణ్ని ఎక్కించారు. ఇప్పుడు రెండో పని, ఇంటికి చెప్పడం. అతని పేరేంటో కూడా ఎవరికీ తెలియదు. 112కి తెరుచుకున్న లాక్ ఇక్కడ గోడలా నిలబడుతుంది. కాంటాక్ట్స్‌లో ‘అమ్మ’, ‘నాన్న’, ‘ఇల్లు’ అన్నీ ఉండొచ్చు, కానీ అవి లోపల ఉన్నాయి. వేలిముద్ర పెట్టిద్దామంటే వేలికి నెత్తురు. పైగా పడ్డప్పుడు ఫోన్ ఆగి మళ్లీ ఆన్ అయిందంటే వేలిముద్రని ఒప్పుకోదు, పిన్ అడుగుతుంది. ఇంటి నుంచి ఎవరైనా ఫోన్ చేస్తారేమోనని చూస్తూ కూర్చోవడమే మిగులుతుంది. సిమ్ తీసి వేరే ఫోన్లో వేసినా దక్కేది అదే ఎదురుచూపు.

ఈ ఇబ్బందికి మొదట ఉపాయం చెప్పింది ఇంగ్లండ్‌లో బాబ్ బ్రాచీ అనే అంబులెన్స్ ఉద్యోగి. దగ్గరివాళ్ల నంబర్‌ని కాంటాక్ట్స్‌లో ICE అని సేవ్ చేసుకోమన్నాడు. 2005 జులైలో లండన్ బాంబు పేలుళ్ల తర్వాత ఆ మాట ప్రపంచమంతా పాకింది. అప్పుడు బటన్ ఫోన్లకి లాక్ ఉన్నవి తక్కువ. స్మార్ట్‌ఫోన్లు వచ్చి ప్రతిదానికీ తాళం పడేసరికి ICE కూడా లోపలే ఉండిపోయింది. ఇప్పటికీ కొందరు అలా సేవ్ చేసుకుని ధైర్యంగా ఉంటారు, పాపం.

నంబర్‌ని తాళానికి బయట పెట్టే ఏర్పాటు ఇప్పుడు ఫోన్లలోనే ఉంది. ఐఫోన్‌లో Health యాప్‌లో Medical ID తెరిచి నంబర్ చేర్చి, Show When Locked ఆన్ చెయ్యాలి. ఆండ్రాయిడ్‌లో Settings లోకి వెళ్లి వెతికే పెట్టెలో emergency అని కొడితే, కంపెనీని బట్టి ఎక్కడున్నా దొరుకుతుంది. అక్కడ కూడా లాక్ తెర మీద చూపించే స్విచ్ విడిగా ఉంటే దాన్నీ ఆన్ చెయ్యాలి. చాలామంది నంబర్ నింపి, ఈ స్విచ్ దగ్గర ఆగిపోతారు.

వాల్‌పేపర్ మీద నంబర్ రాసుకుంటే చాలదా అంటే, ఏమీ లేనిదానికంటే మేలే. అయితే తేడా ఉంది. అత్యవసర పేజీలో పేరు నొక్కితే ఆ కుర్రాడి ఫోన్ నుంచే కాల్ వెళ్తుంది, అవతల వాళ్ల నాన్నకి కొడుకు పేరే కనిపిస్తుంది. వాల్‌పేపర్ చూసి లారీ డ్రైవర్ తన ఫోన్ నుంచి చేస్తే అది తెలియని నంబర్. లోన్ కావాలా అని రోజుకి పదిమంది విసిగించే కాలంలో తెలియని నంబర్ ఎవరు ఎత్తుతున్నారు? కొందరి ఫోన్లలో అది మోగను కూడా మోగదు. కాకపోతే మొదటి పద్ధతికీ ఒక మెలిక ఉంది: ఇది అత్యవసర కాల్ కాదు, మామూలు కాల్. రీచార్జ్ అయిపోయి ఉంటే వెళ్లదు. రెండూ పెట్టుకోవడం మంచిది.

ఎవరి నంబర్ పెట్టాలన్నది ఇంకో సంగతి. భార్యాభర్తలు ఒకరి నంబర్ ఒకరు పెట్టుకుని ఒకే బైకు మీద వెళ్తుంటారు. పడితే ఇద్దరూ పడతారు, రెండో ఫోన్ కూడా అక్కడే రోడ్డు మీద మోగుతుంది. అందుకే రెండో పేరుగా మీతో ప్రయాణం చెయ్యని ఒకరు, అన్నో మేనమామో, ఉండాలి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకునేవాళ్లు మాత్రం వద్దు.

అదే పేజీలో రక్తం గ్రూపు అడుగుతారు. అందరూ ముందు నింపేది అదే గానీ, ఫోన్లో ఉందని ఏ ఆస్పత్రీ రక్తం ఎక్కించదు. మళ్లీ పరీక్ష చేసే ఎక్కిస్తారు. డాక్టర్‌కి వెంటనే కావలసినవి వేరే: రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, ఇన్సులిన్ తీసుకుంటున్నారా, ఏ మందు పడదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునే మనిషి తలకి దెబ్బ తగిలితే లోపల రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ ఒక్క లైను చూసి చికిత్స మారుతుంది. అయితే ఫోన్ ఎవరి చేతికి చిక్కినా ఆ పేజీ చదవగలరు. అపరిచితుడు చూసినా పర్వాలేదనుకున్నంతే రాయండి.

నింపాక ఒకసారి ఫోన్ లాక్ చేసి, ఆ మోడల్ వాడని మనిషి చేతికిచ్చి ‘మా ఇంటికి ఫోన్ చెయ్యి’ అనండి. పిన్ చెప్పొద్దు. తడుముకోకుండా ఒక నిమిషంలో మీ ఇంట్లో ఫోన్ మోగితే, చౌటుప్పల్ రోడ్డు మీద లారీ డ్రైవర్ కూడా చెయ్యగలడు. ఒక్కటి మాత్రం జాగ్రత్త: అతను కంగారులో 112 నొక్కేస్తే కాల్ కట్ చెయ్యనివ్వకండి. పొరపాటున తగిలిందని వాళ్లకి చెప్పండి. లేకపోతే ఏమైందో తెలుసుకోవడానికి వాళ్లు తిరిగి ఫోన్ చెయ్యాల్సి వస్తుంది.